సమానమైన కొలత గానీ, అంతకంటే పెద్దది గానీ

రాజాంలో పాలకొండ రోడ్డు మీదున్న ఆ ఫర్నిచర్ షోరూములో ఎటు చూసినా కూర్చోవడానికి చోటే. అయినా రూబీ మాత్రం రోజంతా బిల్లుల బల్ల వెనకనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చునేది. సోఫాల మీద ప్లాస్టిక్ తొడుగులు తీయకూడదని, పనివాళ్లెవరూ వాటి మీద కూర్చోకూడదని యజమాని మోహనకృష్ణ మొదటిరోజే చెప్పాడు. అందులో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. అమ్మకానికున్న వస్తువు అమ్ముడుపోయేదాకా ఎవరిదీ కాదు.

ఆమె పని అక్షరాలతో. ఒకప్పుడు బొబ్బిలిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో శుభలేఖలు, కరపత్రాలు కంపోజు చేసేది. శుభలేఖలు ఫోన్లలోకి వెళ్లిపోయాక ప్రెస్సు మూతపడింది. ఆమె రాజాం వచ్చి ఇక్కడ చేరింది. షోరూముకు ఫేస్‌బుక్ పేజీ ఉంది, ఇన్‌స్టా ఉంది, వాట్సాప్ స్టేటస్ ఉంది. విజయనగరం నుంచి డిజైనరు బొమ్మ చేసి పంపిస్తాడు. దాని కింద నాలుగు మాటలు రూబీ రాస్తుంది. ఆ నాలుగు మాటలు కొన్ని వేలమంది చూస్తారని ఫోనులోని అంకెలు చెబుతాయి. ఆ వేలమందిలో ఒక్కరైనా ఆమెతో మాట్లాడిన దాఖలా లేదు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో పలకరింపులయ్యాక, మళ్లీ ఆదివారం దాకా ఆమెకు వచ్చే ఫోన్లన్నీ “డబల్ కాట్ ఎంత?” అన్నవే. పెళ్లి ఒకటి జరిగింది గానీ, అది ఎన్నాళ్లో నిలవలేదు. తల్లి అన్నమ్మ పోయాక అద్దెగదిలో తాళం తీసేదీ తనే, వేసేదీ తనే.

ఆ నెల పరుపుల కంపెనీ పాత పరుపులకు మార్పిడి పథకం ప్రకటించింది. మోహనకృష్ణ దానికి సోఫాలు కూడా జోడించాడు. కంపెనీ పంపిన నిబంధనల కాగితం ముందు పెట్టుకుని రూబీ శ్రద్ధగా రాసింది. “షరతులు వర్తిస్తాయి” అని చివర ఒక్క ముక్క తగిలించి చేతులు దులుపుకోవడం ఆమెకు నచ్చదు. షరతు అన్నది చదివేవాడికి అర్థం కావాలి. అర్థం కాని షరతు షరతే కాదని ఆమె నమ్మకం. అందుకని అన్నిటినీ తేట తెలుగులో పెట్టింది. ముందుగా ఫోటో పంపాలి. సోఫా చట్రం విరిగి ఉండకూడదు. పరుపు తడిసి ఉండకూడదు, నల్లులు ఉండకూడదు. దూది పరుపులు తీసుకోం. ఒక పాతదానికి ఒక కొత్తది. కొత్తది పాతదానికి సమానమైన కొలత గానీ, అంతకంటే పెద్దది గానీ కావాలి. తగ్గింపు కొత్తదాని బిల్లులోనే, డబ్బుగా చేతికి ఇవ్వం.

మోహనకృష్ణ చదివి తల గోక్కున్నాడు.

“అమ్మా రూబీ, ఇది ఆఫరా, పరీక్షా? ముందే ఇన్ని కూడదులు సెప్తే మనుషులొస్తారా? ఇవన్నీ కిందకి తోసీ. పైన బాగా లాగేటట్టు రెండు ముక్కలు రాయి.”

“కిందకి తోస్తే కనిపించవు సార్. ‘మరింత చూడండి’ నొక్కితేనే వస్తాయి.”

“నొక్కుతార్లే. కావాల్సినోళ్లు నొక్కుతారు.”

ఆమె పైన రెండు ముక్కలు రాసింది. “పాత సోఫా కుంగిపోయిందా? పరుపు మీద పడుకుంటే నడుం పట్టేస్తోందా? పాతది తెచ్చి ఇవ్వండి, కొత్తది పట్టుకెళ్లండి.” మోహనకృష్ణ ‘పాతది’ ముందర ‘ఏ స్థితిలో ఉన్నా’ అని స్వయంగా చేర్చాడు. ఈ మాటకు, కిందనున్న షరతులకు పొసగదని రూబీ చెప్పబోయింది. అప్పటికే ఆయన వేలు ఫోను మీద పడింది. ప్రకటన లోకంలోకి వెళ్లిపోయింది.

దాన్ని నమ్ముకుని వచ్చిన మొదటి మనిషి గున్నమ్మ.

శుక్రవారం ఉదయం, షోరూము ముందర కళ్లాపి ఇంకా ఆరకముందే, సంతకవిటి వైపు నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనక పెద్ద పరుపు తాళ్లతో కట్టి ఉంది. దాని పక్కన కమ్మీ పట్టుకుని అరవై దాటిన ఒక మనిషి నిలబడి ఉంది. ఆటోవాడు తాళ్లు విప్పి, పరుపును మెట్ల మీదకు జార్చి, వేరే బాడుగ ఉందంటూ వెళ్లిపోయాడు. గున్నమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని గాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

“బాబూ, పరుపు తెచ్చినాను. పాతది తీసుకుని కొత్తదిస్తారని మా పక్కింటి పిల్ల ఫోన్ల సదివింది. నాకు సిన్నదివ్వండి. ఒక్క మనిషి పడుకునేది.”

మోహనకృష్ణ బయటికి వెళ్లి చూశాడు. కొబ్బరి పీచు పరుపు. శుభ్రంగానే ఉంది. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“మామ్మా, నువ్వు తెచ్చింది డబలు. దీనికి డబలే తీసుకోవాలి, లేదా ఇంకా పెద్దది. సింగిల్‌కి ఆఫర్ లేదు.”

“అదేటి బాబూ? పెద్దదిచ్చి సిన్నది తీసుకుంతానంటే నీకు లాభమే గదా?”

మోహనకృష్ణ బిల్లుల పుస్తకం తిరగేశాడు. రూబీ మనసులో మాత్రం జవాబు కదిలింది: పాత పరుపుతో షోరూముకు గానీ కంపెనీకి గానీ పనేమీ లేదు. పాత సామాన్ల వ్యాపారి వచ్చి దాన్ని తను చెప్పిన ధరకే ఎత్తుకుపోతాడు. కంపెనీకి కావాల్సింది కొత్తదాని అమ్మకం. అదీ పెద్ద కొలతదైతే మరీ మంచిది. పాతదానికి విలువ కట్టినట్టు కనిపించేదంతా కొత్తదాని ధరలో తగ్గింపే. కానీ ఇది ఇప్పుడు ఈ మనిషికి ఎలా చెప్పడం?

“కంపెనీ రూలు మామ్మా,” అన్నాడు మోహనకృష్ణ చివరకు. “రూలు కిందనే రాసి ఉంది. ఈ అమ్మాయే రాసింది. నీకు సదివిన పిల్ల పూర్తిగా సదవలేదు. పోనీ డబలే తీసుకో. హాయిగా పొర్లొచ్చు.”

“పొర్లడానికి నానేటి సంటిపిల్లనా?” గున్నమ్మ నవ్వింది గాని, నవ్వు నిలవలేదు. “వొద్దు బాబూ. సగం ఖాళీగుంతే నాకు నిద్రట్టదు. మాయింటాయన పోయిన కాడి నుంచీ అదే బాధ. సిన్నదైతే పడుకుంతాను.”

మాయింటాయన పోయాడన్న మాట వినగానే, పరుపు లోపలికి తేవడానికి మెట్ల మీద వంగిన ఎర్రన్న టక్కున చేయి వెనక్కి తీశాడు. ఎర్రన్న షోరూములో సామాను మోసే మనిషి. ఇనప బీరువాను ఒంటరిగా మూడో అంతస్తుకు ఎక్కించగల దిట్ట.

“పోయినోళ్ల పరుపా మామ్మా ఇది?”

“మరేటి, నీ పెళ్లి పరుపనుకున్నావేటి?”

“అమ్మో, నాను ముట్టను. సార్, నాను ముట్టను. శుక్రవారం పూట షాపులోకి పోయినోళ్ల పరుపేటి సార్!”

మోహనకృష్ణ ముఖం కూడా మారింది. ఆయన ఏ మూఢనమ్మకాలూ లేనివాడినని చెప్పుకుంటాడు. గల్లాపెట్టె మీద నిమ్మకాయ మాత్రం ప్రతి శుక్రవారం మారుతుంది.

“మామ్మా, ఆటో పిలిపిస్తాను. పట్టుకెళ్లిపో,” అన్నాడు.

గున్నమ్మ అక్కడే నిలబడింది. ఇంతసేపూ లేని బెదురు మొదటిసారి ఆమె గొంతులోకి వచ్చింది.

“ఎక్కడికి పట్టుకెళ్లమంటావు బాబూ? గడప దాటిపోయిన పరుపు మళ్లీ ఇంట్లోకి రాకూడదు. మా మరుదులు ఆ రోజే శ్మశానం తోవలో పారేయమన్నారు. మంచి పరుపు, ఎలా పారేస్తాను? పశువుల సాలలో పెట్టి, నాను సాప మీద పడుకుంతన్నాను. మోకాళ్లు లేవనివ్వవు. ఇదిచ్చి కొత్తది తెచ్చుకుంతానని సెప్పి, అందరి నోరు మూయించి వచ్చినాను. ఇప్పుడు దీన్నేసుకుని తిరిగెళ్తే ఊర్లో నన్నేటంతారు?”

రోడ్డు మీద పాలకొండ బస్సు హారను మోగించుకుంటూ పోయింది.

రూబీ లేచి మంచినీళ్ల గ్లాసు తెచ్చి గున్నమ్మకిచ్చింది. ఎక్కడ కూర్చోబెట్టాలా అని చుట్టూ చూసి, తన నీలం కుర్చీని ఆమె వైపు జరిపింది.

“మామ్మా, తాతగారు ఎక్కడ పోయారు?”

“శీకాకుళం ఆస్పత్రిలో. జూట్ మిల్లులో పని సేసేవోరు. ఊపిరాడక నాలుగురోజులు ఆస్పత్రిలోనే ఉన్నారు. జోగయ్యంటే ఎవులని మిల్లులో అడిగితే అందరూ సెప్తారు.”

“అయితే ఈ పరుపు మీద పోలేదన్నమాట.”

“నేదు తల్లీ. అంబులెన్సు ఎక్కినప్పుడే దీని మీంచి లేచినారు. మళ్లీ దీని మీద తొంగోలేదు.”

రూబీ గుమ్మంలో నిలబడిన ఎర్రన్న వైపు తిరిగింది. “విన్నావా? ఈ లెక్కన దోషముంటే ఆసుపత్రి మంచానికి ఉండాలి. దాని మీద ఆ మర్నాడే ఇంకొకరు పడుకునుంటారు. మీ అమ్మగారిని ఆపరేషనుకు చేర్పించింది కూడా అక్కడే కదా?”

ఎర్రన్న పరుపు వైపు ఓసారి చూశాడు. “అదీ నిజమే,” అన్నాడు. అయినా వెంటనే కదల్లేదు. చివరకు గోనెపట్టా ఒకటి తెచ్చి, దాని అంచులతో పరుపును పట్టుకుని, చేతికి తగలకుండా ఈడ్చుకుంటూ గోదాము వైపు వెళ్లాడు. ఆమాత్రం రాజీ చాలనుకుంది రూబీ. నమ్మకాన్ని మాటలతో ఒక్కపూటలో ఊడదీయడం ఎవరి వల్లా కాదు. ఒక గోనెపట్టా మందం తగ్గినా మేలే.

మిగిలింది కొలత. ఆ షరతు రాసినప్పుడు తన చేతికి ఏ ఇబ్బందీ కలగలేదన్నది రూబీకి గుర్తుంది. కాగితంలో ఉన్న అంకెల్ని తేట తెలుగులోకి తెచ్చినందుకు కాస్త సంతోషించింది కూడా. ఇద్దరు పడుకున్న పరుపు ఒకరికి మిగలడం అన్నది ఆ వాక్యంలో ఎక్కడా లేదు. రాసిన కంపెనీవాళ్లకు తోచలేదు సరే, తనకెందుకు తోచలేదు? తాను ఒక్కతే ఉంటున్నది కదా?

నిబంధనల కాగితం సొరుగులోంచి తీసి మళ్లీ చదివింది. ఒక పాతదానికి ఒక కొత్తది. సమానమైన కొలత గానీ, అంతకంటే పెద్దది గానీ. ఆ పక్కనే కంపెనీ ధరల పట్టిక ఉంది. అందులో డబల్ పరుపుల వరుస చివర చిన్న అక్షరాల్లో ‘రెండు ముక్కలు’ అన్న పదం ఆమె కంటపడింది. రాజాం వీధుల్లో మేడల మెట్లు ఇరుకు. డబల్ పరుపు మలుపు తిరగదు. అలాంటి ఇళ్లవాళ్లకు మోహనకృష్ణ అదే పరుపును నిలువునా రెండు ముక్కలుగా కంపెనీకి ఆర్డరు పెడతాడు; పైకెక్కించాక మంచం మీద పక్కపక్కన పేరుస్తారు. బిల్లు ఒక్కటే. పరుపు ఒక్కటే.

“సార్, ఇరుకు మెట్ల ఇళ్లకు మనం రెండు ముక్కల డబల్ ఇస్తాం కదా. దానికి ఆఫర్ వర్తిస్తుందా?”

“వర్తిస్తాది. డబలే కదా.”

“అయితే మామ్మకు ఆరు బై ఐదు, రెండు ముక్కలు రాయండి. ఒక ముక్క మామ్మది.”

“రెండోది?”

“నాది.”

మోహనకృష్ణ ఆమె వైపు కొత్తగా చూశాడు. “నీకు పరుపు లేదా?”

“లేదు సార్.”

పరుపుల షోరూములో ఇన్నాళ్లు పనిచేసి, వాటి మెత్తదనం గురించి ఇన్ని వాక్యాలు రాసిన మనిషి బొంత మీద పడుకుంటోందని ఆయనకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ ఏనాడూ రాలేదు. ఆయన నవ్వబోయి మానేశాడు.

“రెండున్నర అడుగుల వెడల్పే వస్తాది. సరిపోతాదా?”

“నాకు సరిపోతాది బాబూ,” అంది గున్నమ్మ వెంటనే. తర్వాత రూబీ చేయి పట్టుకుంది. “నువ్వు నాకోసం తీసుకుంతన్నావా తల్లీ? నిజం సెప్పు.”

“సగం మీ కోసం మామ్మా. సగం నా నడుం కోసం.”

బిల్లు గున్నమ్మ పేరన అయింది. రూబీ వాటా ఆమె జీతంలోంచి నెలనెలా తగ్గించుకుంటానన్నాడు మోహనకృష్ణ. పాత పరుపు ఫోటో కంపెనీకి వెళ్లింది. వాళ్లు మరేమీ అడగలేదు. వాళ్లకు కావాల్సిన కొలత వాళ్లకు దొరికింది.

ఆ సాయంత్రం రూబీ పేజీ తెరిచి షరతులు పైకి తెచ్చింది. ‘ఏ స్థితిలో ఉన్నా’ తీసేసింది. “ఒక్కరే పడుకునేవారు ముందుగా మమ్మల్ని అడగండి, మార్గం ఉంది” అని ఒక వాక్యం చేర్చింది. మర్నాడు పొద్దున చూస్తే ఆ వాక్యం లేదు. మోహనకృష్ణను అడిగితే, “ఆఫర్‌లో అలాటివి రాస్తే మరీ దిగులుగా ఉంటాదమ్మా,” అన్నాడు. మిగతా మార్పులు మాత్రం ఉంచాడు.

పరుపు ముక్కలు వచ్చిన రోజు రూబీ కూడా డెలివరీ బండిలో సంతకవిటి వైపు వెళ్లింది. సంతోషంగా ఉన్న కస్టమరు ఫోటో ఒకటి పేజీలో పెట్టాలని యజమాని కోరిక. బండి నడిపేది ఎర్రన్నే. దారి పొడుగునా అతను తన తల్లి మోకాళ్ల నొప్పుల గురించి చెబుతూనే ఉన్నాడు. కొత్త పరుపు గనక ఈసారి గోనెపట్టా అక్కర్లేకపోయింది.

గున్నమ్మ ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. ఆమె వాకిట్లోనే ఎదురుచూస్తోంది. తల దువ్వి కొప్పు పెట్టుకుంది; ఉతికిన చీర కట్టుకుంది. ఎర్రన్న పరుపు ముక్కను భుజాన వేసుకుని లోపలి గదిలోకి వెళ్లి, అక్కడే ఆగిపోయాడు.

“మామ్మా, మంచం డబలే గదా!”

రూబీ వెనకనుంచి తొంగిచూసింది. మిల్లులో పని మానేసిన ఏడాది జోగయ్య చేయించిన టేకు మంచం. గదిలో సగం అదే ఉంది. దాని చెక్కల మీద ఏమీ లేదు. పరుపు కొలత గురించి అంత లెక్క వేసిన తనకు మంచం కొలత అడగాలని తోచలేదే అని ఆమెకు చెవులు వేడెక్కాయి.

“మజ్జిలో ఎయ్యమంతావా?” అన్నాడు ఎర్రన్న. “అటూ ఇటూ సెక్క కనబడినా బాగుంతాది. పడిపోవు.”

“వొద్దు నాయినా. ఇటు పక్కకెయ్యి. తలుపేపు. గోడవార ఆయనది.”

ఎర్రన్న వేశాడు. పరుపు మంచానికి ఒక అంచున సన్నగా, కొత్తగా, తెల్లగా పడి ఉంది. మిగిలిన సగమంతా చెక్కలు. మధ్య మధ్య సందుల్లోంచి కింద నేల కనిపిస్తోంది.

“మామ్మా, ఇలా ఖాళీగా ఉంటే...” అంది రూబీ. పొరపాటు చేశానన్న భయం ఆమె గొంతులో ఉంది. “రెండో ముక్క కూడా మీకే పంపించేస్తాను. బండిలోనే ఉంది.”

గున్నమ్మ పరుపు మీద కూర్చుంది. అరచేత్తో దాని అంచు తడిమింది. తర్వాత ఆ చేతినే పక్కనున్న చెక్క మీదకు జరిపి, అక్కడ కాసేపు ఉంచింది.

“ఖాళీ పరుపైతే ఎవులో వస్తారన్నట్టుంతాది తల్లీ. సెక్కలైతే ఎవులూ రారని తెలిసిపోతాది. ఇదే బాగున్నాది.”

రూబీ ఫోను తీసింది. గున్నమ్మ నిటారుగా కూర్చుని, పళ్లు కనిపించకుండా నవ్వింది. ఎక్కడ నిలబడి చూసినా ఆ చెక్కలు ఫోటోలోకి వస్తున్నాయి. దగ్గరకు జరిగితే గున్నమ్మ ముఖం సగం తెగిపోతోంది. దూరం జరిగితే మంచమంతా కనిపిస్తోంది. గుమ్మందాకా వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు వచ్చి, చివరకు చెక్కలతో సహా ఒకటి తీసి రూబీ ఫోను దించేసింది.

“పడ్డాదా?” అడిగింది గున్నమ్మ.

“పడింది మామ్మా.”

“నాకొకటియ్యి.”

“ఇస్తాను.”

అప్పటికే బండెక్కిన ఎర్రన్న బయట హారను కొట్టాడు. గున్నమ్మ బండి దాకా సాగనంపి, లోపల నిలబెట్టిన రెండో ముక్కను తన బంధువును చూసినట్టు చూసింది.

“నీ ముక్క ఎక్కడేస్తావు?”

“మంచం లేదు మామ్మా. నేల మీదే, గోడవార.”

“గోడవార ఎయ్యకు. సెమ్మ లాగుతాది. ఇవతలికి లాక్కో.”

రూబీ తలూపింది. ఆ సాయంత్రం గదికి చేరాక అలవాటుగా గోడవారనే పరిచి, గున్నమ్మ చెప్పింది సబబేనని తోచి, దాన్ని గది మధ్యకు లాగింది. తలుపు వైపా, గోడ వైపా, ఎటు తల పెట్టుకోవాలో కాసేపు తేల్చుకోలేకపోయింది. ఏ పక్క తనదో చెప్పేవాళ్లెవరూ ఆ గదిలో లేరు. ఆమె నిలబడే చూసింది. తర్వాత నడిమధ్యన కూర్చుంది. పరుపు మెత్తగానే ఉంది.